లఘులోలకంతో g: ఏ గ్రాఫు గీయాలి, వాలు ఎలా చదవాలి

లఘులోలకం ప్రయోగంలో చాలా రికార్డు పుస్తకాల్లో జరిగేది ఒకటే. పట్టికలో ప్రతి పొడవుకూ విడివిడిగా గురుత్వ త్వరణం g లెక్కగడతారు, ఆరు విలువల సగటు తీస్తారు, l–T² గ్రాఫును మాత్రం మార్కుల కోసం గీసి అతికిస్తారు. అసలు పని గ్రాఫుదే. పొడవు కొలవడంలో అందరూ చేసే ఒక పొరపాటును సగటు దాచేస్తుంది, గ్రాఫు వేరు చేసి చూపిస్తుంది. అలా చూపించాలంటే కొలతలు తీసేటప్పుడే కొన్ని జాగ్రత్తలు కావాలి కాబట్టి స్టాండు దగ్గర నుంచే మొదలుపెడదాం.

దారం బిగించడం

కావలసినవి: బరువైన పీఠం ఉన్న రిటార్ట్ స్టాండు, క్లాంపు, రెండుగా చీల్చిన కార్కు, సుమారు 2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కొక్కెం గోళం, మీటరున్నర దారం, మీటరు స్కేలు, స్టాప్‌వాచ్, వెర్నియర్ కాలిపర్స్. గోళం ఇత్తడిదైనా ఇనుపదైనా పరవాలేదు. చెక్క గోళం, ప్లాస్టిక్ గోళం వద్దు, గాలికి ఊపు త్వరగా తగ్గిపోతుంది.

దారాన్ని కార్కు చీలికల మధ్య పెట్టి క్లాంపుతో గట్టిగా నొక్కండి. రెండు చీలికల అడుగు అంచులూ ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి కిందికి దిగి ఉంటే, లోలకం అటు ఊగినప్పుడు దారం ఆ అంచుకు ఆనుకుంటుంది, ఇటు ఊగినప్పుడు పై అంచు నుంచి వేలాడుతుంది. అప్పుడు లోలకం పొడవు ఇంత అని చెప్పడానికే ఉండదు. దారాన్ని క్లాంపు కడ్డీకి ముడివేయడం ఇంకా ఘోరం, ఊగిన ప్రతిసారీ దారం కడ్డీకి కొద్దిగా చుట్టుకుని విప్పుకుంటుంది.

స్టాండును బల్ల అంచు దగ్గర పెట్టి, పీఠం మీద ఒక ఇటుకనో బరువునో ఉంచండి. గోళం ఊగుతుంటే స్టాండు కడ్డీ కూడా సన్నగా ఊగుతోందేమో పక్క నుంచి చూడండి. ఊగుతోందంటే కాలం కాస్త ఎక్కువగా, g కాస్త తక్కువగా వస్తాయి.

పొడవు మార్చవలసి వచ్చినప్పుడు కార్కు దగ్గర మాత్రమే మార్చండి. క్లాంపు వదులు చేసి, దారాన్ని పైకి లాగి, మళ్లీ బిగించాలి. కొక్కెం దగ్గరి ముడిని ప్రయోగం మొత్తంలో ముట్టుకోవద్దు. గ్రాఫు మీద మనం ఆధారపడేది ఆ ముడి మారకుండా ఉండటం మీదే.

పొడవు: ఎక్కడి నుంచి ఎక్కడి దాకా

ఆవర్తన కాలం T = 2π√(L/g) అనే సూత్రంలో ఉన్న L అంటే కార్కు అడుగు అంచు నుంచి గోళం కేంద్రం దాకా ఉన్న దూరం. గోళం కేంద్రం లోపలెక్కడో ఉంటుంది, అక్కడికి స్కేలు పెట్టలేం. మనం కొలవగలిగేది కార్కు అంచు నుంచి కొక్కెం పైభాగం దాకా ఉన్న దారం పొడవు. దాన్ని l అందాం. కొక్కెం ఎత్తు, గోళం వ్యాసార్ధం కలిపితే మిగిలిన దూరం వస్తుంది. దాన్ని c అందాం. అంటే L = l + c.

గోళం వేలాడుతున్నప్పుడే కొలవండి. నూలు దారం బరువుకు సాగుతుంది, బల్ల మీద పరిచి కొలిస్తే పొట్టిగా కనిపిస్తుంది. బడి స్కేళ్ల చివరలు తరచు అరిగిపోయి ఉంటాయి, సున్నా గీతను నమ్మలేకపోతే 10 గీతను కార్కు అంచుకు ఆనించి, ఆ 10 తర్వాత తీసివేయండి. ఈ తీసివేత మరిచిపోవడం మామూలే. మరిచిపోతే గ్రాఫు ఎలా పట్టిస్తుందో తర్వాత చూద్దాం.

l కు 50, 60, 70, 80, 90, 100 సెంటీమీటర్లు సరిపోతాయి. 30 సెంటీమీటర్ల కన్నా పొట్టి లోలకం చకచకా ఊగుతుంది, లెక్కపెట్టడంలో తడబాటు వస్తుంది. పొడవుల మధ్య దూరం మాత్రం ఎక్కువ ఉండాలి. 80 నుంచి 100 లోపే ఆరు కొలతలు తీస్తే గ్రాఫులో చుక్కలన్నీ ఒక మూల గుంపుగా చేరతాయి, వాటి మీదుగా ఏ వాలుతోనైనా గీత గీయవచ్చు.

కాలం: సున్నా నుంచి లెక్క

గోళాన్ని పక్కకు లాగి వదిలేటప్పుడు కోణం 5 డిగ్రీలు దాటవద్దు. మీటరు లోలకానికి అది పక్కకు సుమారు 9 సెంటీమీటర్లు, అర మీటరు లోలకానికి 4 సెంటీమీటర్ల పైన కొంచెం. సూత్రం చిన్న కోణాలకే కచ్చితం. 5 డిగ్రీలకు ఆవర్తన కాలంలో తేడా 0.05 శాతమే. 20 డిగ్రీలకు 0.77 శాతం పెరుగుతుంది, అది g ని ఒకటిన్నర శాతం తగ్గిస్తుంది. గోళాన్ని నెట్టవద్దు, ఊరికే వదిలేయండి. నెడితే తిన్నగా ఊగక దీర్ఘవృత్తంలో తిరుగుతుంది.

గోళం ఆగి ఉన్నప్పుడు దాని వెనుక ఒక కాగితం మీద నిలువు గీత గీసి ఉంచండి. గోళం ఆ గీతను దాటే క్షణం నుంచే కాలం కొలవాలి. చివరి స్థానంలో గోళం క్షణకాలం ఆగినట్టుంటుంది, ఎప్పుడు వెనక్కి మళ్లిందో కన్ను పట్టుకోలేదు. మధ్యలో అది అత్యంత వేగంగా పోతుంది కాబట్టి దాటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది.

రెండు మూడు ఊపులు పోనిచ్చి, గోళం ఎడమ నుంచి కుడికి గీత దాటిన ప్రతిసారీ "మూడు, రెండు, ఒకటి, సున్నా" అని వెనక్కి లెక్కపెట్టండి. "సున్నా" అన్నప్పుడు వాచ్ నొక్కాలి. అక్కడి నుంచి ఒకటి, రెండు అంటూ 20 దాకా. గోళం మళ్లీ అదే దిశలో దాటినప్పుడే ఒక డోలనం పూర్తయినట్టు.

"ఒకటి" అంటూ వాచ్ నొక్కేవాళ్లు కొలిచేది 19 డోలనాలనే, భాగించేది మాత్రం 20 తో. T 5 శాతం తగ్గుతుంది, T² దాదాపు 10 శాతం తగ్గుతుంది, g సుమారు 10.8 వస్తుంది. ఒక డోలనం ఎక్కువ లెక్కపెడితే సుమారు 8.9 వస్తుంది. ఫలితం ఈ రెండు అంకెల దరిదాపుల్లో ఉంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు, లెక్కపెట్టిన పద్ధతినే అనుమానించండి.

ఒక్క డోలనం కాకుండా 20 ఎందుకంటే, వాచ్ నొక్కడంలో వేలి తడబాటు సుమారు 0.1 సెకను ఉంటుంది. 2 సెకన్లలో అది 5 శాతం, 40 సెకన్లలో పావు శాతం. ప్రతి పొడవుకూ రెండుసార్లు కొలిచి సగటు తీయండి. రెండింటి మధ్య 0.3 సెకను కన్నా ఎక్కువ తేడా ఉంటే మూడోసారి కొలవండి. ఒక డోలనమంత తేడా, అంటే ఒకటిన్నర రెండు సెకన్లు, కనబడితే అది లెక్కపెట్టడంలో తప్పు. దాన్ని సగటులో కలపకుండా కొట్టేయాలి.

ఒక పట్టిక

ఉదాహరణకు ఈ అంకెలు తీసుకుందాం. గోళం వ్యాసం 1.92 సెం.మీ., కొక్కెం ఎత్తు 0.5 సెం.మీ., అంటే c = 0.96 + 0.5 = 1.46 సెం.మీ. దీన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి, కొలిచిన l నే వాడదాం.

| l (సెం.మీ.) | 20 డోలనాల కాలం, సగటు (సె.) | T (సె.) | T² (సె.²) |
|---|---|---|---|
| 50 | 28.86 | 1.443 | 2.082 |
| 60 | 31.45 | 1.573 | 2.473 |
| 70 | 33.98 | 1.699 | 2.887 |
| 80 | 36.22 | 1.811 | 3.280 |
| 90 | 38.47 | 1.924 | 3.700 |
| 100 | 40.44 | 2.022 | 4.088 |

c కలపకుండా ఒక్కో వరుసకూ g = 4π²l/T² లెక్కగడితే మొదటిది 9.48, చివరిది 9.66, ఆరింటి సగటు 9.59 మీ./సె.² వస్తాయి. ఆ ఆరు విలువలను వరుసగా చూడండి: 9.48, 9.58, 9.57, 9.63, 9.60, 9.66. అక్కడక్కడా తడబడినా, పొడవు పెరిగేకొద్దీ g కూడా పెరుగుతోంది. దారం పొడవును బట్టి భూమి ఆకర్షణ మారదు. తప్పు కొలతలోనే ఉంది. సగటు తీసేసరికి ఆ ఆనవాలు కూడా పోతుంది.

దేనికి ఎదురుగా దేన్ని గీయాలి

T = 2π√(L/g) అనే సూత్రాన్ని రెండు వైపులా వర్గం చేసి, L బదులు l + c రాస్తే:

T² = (4π²/g) l + (4π²/g) c

ఇది y = mx + k రూపం. x స్థానంలో l, y స్థానంలో T². వాలు 4π²/g. c వాలులో ఎక్కడా లేదు, అంతరఖండంలోకి వెళ్లిపోయింది. గోళం వ్యాసార్ధం కలిపినా, కలపకపోయినా, కొక్కెం ఎత్తు మరిచినా గీత పైకో కిందికో జరుగుతుందే తప్ప వాలు మారదు. షరతు ఒక్కటే, ఆ c ఆరు కొలతల్లోనూ ఒకటే అయి ఉండాలి. కొక్కెం దగ్గరి ముడిని ముట్టుకోవద్దన్నది అందుకే.

మిగతా గ్రాఫులకు ఈ గుణం లేదు. l–T గ్రాఫు వక్రరేఖ. T = 2 సెకన్లకు పొడవెంతో దాని మీద చదవవచ్చు గానీ, ఒక్క వాలంటూ ఉండదు. √l కి ఎదురుగా T గీస్తే సరళరేఖ వస్తుందని కొందరు అంటారు. అది L సరిగా తెలిసినప్పుడే నిజం. √(l + c) ని √l తో సరళరేఖగా రాయలేం, గీత కొద్దిగా వంగుతుంది. ఆ వంపు కంటికి ఆనదు, వాలును మాత్రం తప్పుగా చూపిస్తుంది. T² ని x అక్షం మీద, l ని y అక్షం మీద పెట్టడం తప్పు కాదు, అప్పుడు వాలు g/4π² అవుతుంది, సూత్రం తిరగబడుతుంది. మనం ఎంచి పెట్టేది పొడవు, దాన్ని బట్టి వచ్చేది కాలం కాబట్టి l ని x మీద ఉంచడమే వాడుక.

గ్రాఫు గీయడం

రెండు అక్షాలూ సున్నా నుంచే మొదలుకావాలి. x మీద 1 సెం.మీ. కు 10 సెం.మీ. పొడవు, y మీద 1 సెం.మీ. కు 0.2 సె.² తీసుకుంటే 120 దాకా, 4.6 దాకా మామూలు గ్రాఫు కాగితంలో పడతాయి. 1 సెం.మీ. కు 0.3 లాంటి స్కేలు వద్దు, చిన్న గడులను చదివేటప్పుడు తప్పు తప్పదు.

చుక్కలు కాగితం పైసగంలోనే పడి కింద సగం ఖాళీగా ఉంటుంది. కాగితం వృథా అని కొందరు x ని 40 నుంచి మొదలుపెడతారు. వాలుకు దాని వల్ల నష్టం లేదు, కానీ గీత y అక్షాన్ని తాకిన చోటు ఇక అంతరఖండం కాదు. అది l = 40 దగ్గరి T².

సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చిన్న గుణకారం గుర్తులు పెట్టండి. పారదర్శకమైన స్కేలు పెట్టి, గుర్తులు గీతకు పైనా కిందా ఇంచుమించు సమానంగా ఉండేలా సర్దండి. మొదటి గుర్తునూ చివరి గుర్తునూ కలపడం పద్ధతి కాదు. గీతను బలవంతంగా మూలబిందువు గుండా లాగడం అంతకన్నా పెద్ద తప్పు. "l = 0 అయితే T = 0 కదా" అనే వాదన బాగానే ఉంటుంది గానీ, ఇక్కడ సున్నా కావలసింది L, l కాదు. ఈ పట్టికకే మూలబిందువు గుండా గీత లాగితే g 9.6 దగ్గరికి పడిపోతుంది, c వల్ల వచ్చిన తప్పంతా తిరిగి వాలులోకి చేరుతుంది.

ఒక గుర్తు మాత్రం గీతకు చాలా దూరంగా ఉంటే దాన్ని కలుపుకోవాలని గీతను వంచవద్దు. ఉదాహరణకు 80 సెం.మీ. దగ్గర 3.28 బదులు 2.96 పడిందంటే, ఒక్క ఆ కొలతలోనే 19 డోలనాలు లెక్కపెట్టారన్నమాట. ప్రయోగశాల వదలకముందే గుర్తులు పెట్టుకుంటూ పోతే అలాంటిదాన్ని అక్కడే తిరిగి కొలవవచ్చు.

వాలు చదవడం

వాలుకు రెండు బిందువులు గీత మీద నుంచి తీసుకోవాలి, పట్టికలోంచి కాదు. అవి వీలైనంత దూరంగా ఉండాలి. గీతను రెండు వైపులా పొడిగించి, l = 10 దగ్గరా l = 110 దగ్గరా చదువుదాం. ఈ గ్రాఫులో అక్కడ T² వరుసగా 0.47, 4.50.

వాలు = (4.50 − 0.47) / (110 − 10) = 4.03 / 100 = 0.0403 సె.²/సెం.మీ.

పక్కపక్క పట్టిక విలువలు తీసుకుంటే ఏమవుతుందో చూడండి. 60, 70 ల మధ్య వాలు 0.0414, దాంతో g 9.54. 90, 100 ల మధ్య 0.0388, దాంతో g 10.17. రెండు కొలతల్లోని చిన్న తడబాట్లను 10 సెంటీమీటర్ల తేడాతో భాగిస్తున్నాం కాబట్టి అవి పెద్దవై కనిపిస్తాయి. త్రిభుజం పెద్దదైతే అవే తడబాట్లు 100 తో భాగింపబడతాయి.

ఎత్తునూ అడుగునూ కాగితం మీద సెంటీమీటర్లలో కొలిచి భాగించడం, గీత కోణాన్ని ప్రొట్రాక్టర్‌తో కొలిచి టాంజెంట్ తీసుకోవడం రెండూ తప్పే. స్కేలు మారితే గీత కోణం మారుతుంది, g మారదు. ఎప్పుడూ అక్షాల మీద ఉన్న విలువలనే తీసివేయండి, ప్రమాణాలను వెంటే రాయండి.

ప్రమాణాలే ఇక్కడి చివరి మలుపు. 0.0403 సె.²/సెం.మీ. అంటే 4.03 సె.²/మీ. ఇక

g = 4π² / వాలు = 39.48 / 4.03 = 9.80 మీ./సె.²

సెంటీమీటర్లలోనే ఉంచితే 980 సెం.మీ./సె.². 0.0403 తో భాగించి 980 తెచ్చుకుని పక్కన మీ./సె.² అని రాసిన రికార్డులు తక్కువేం కాదు.

ఇవే కొలతలు, ఇదే గోళం. c కలపకుండా తీసిన సగటు 9.59 ఇస్తే, c ని ఎక్కడా వాడని వాలు 9.80 ఇచ్చింది.

అంతరఖండం చెప్పే సంగతి

గీత y అక్షాన్ని సుమారు 0.06 సె.² దగ్గర తాకుతుంది. దాన్ని వాలుతో భాగిస్తే c వస్తుంది: 0.06 / 0.0403 ≈ 1.5 సెం.మీ. వెర్నియర్‌తో వచ్చింది 1.46. ఇంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు కూడా ఉంది. వాలులో ఒక శాతం తేడా వచ్చినా l = 0 దగ్గరికి వచ్చేసరికి c ముప్పావు సెంటీమీటరు మారుతుంది. వ్యాసార్ధం కొలవడానికి ఇది పనికిరాదు, తప్పు ఎక్కడుందో చూపడానికి బాగా పనికొస్తుంది.

అంతరఖండం 0.4 సె.² దగ్గరుంటే c 10 సెం.మీ. అన్నట్టు. అంత పెద్ద గోళం లేదు కాబట్టి అసలు పొడవు మీరు రాసినదానికన్నా దాదాపు 10 ఎక్కువ. దీనికి విరుద్ధంగా, స్కేలు 10 గీత నుంచి మొదలుపెట్టి తీసివేత మరిచినవాళ్లకు l అసలుకన్నా 10 ఎక్కువగా నమోదవుతుంది, అంతరఖండం −0.34 దగ్గర పడుతుంది. కొద్దిపాటి రుణ విలువ, −0.04 లాంటిది, వస్తే గోళం అడుగు దాకా కొలిచారేమో చూసుకోండి. ఈ మూడింటిలోనూ వాలు చెక్కుచెదరదు, g సరిగానే వస్తుంది.

కానీ గ్రాఫు అన్ని తప్పులనూ పట్టుకోదు. పొడవుకు ఒకే మొత్తాన్ని కలిపే, తీసేసే తప్పులే అంతరఖండంలోకి వెళతాయి. అన్ని కాలాలనూ ఒకే నిష్పత్తిలో మార్చే తప్పులు వాలులోకే వెళతాయి. ప్రతిసారీ 19 డోలనాలే లెక్కపెట్టినా, వాచ్ నెమ్మదిగా నడిచినా, అన్ని పొడవులకూ 20 డిగ్రీల కోణంతో వదిలినా గుర్తులన్నీ చక్కగా సరళరేఖ మీదే పడతాయి. గీత తిన్నగా ఉంది కాబట్టి ప్రయోగం సరిగా జరిగిందనుకోవడానికి లేదు.

ఎన్ని అంకెలు రాయాలి

T² లో సుమారు 0.01 సె.² అటూ ఇటూ ఉంటుందనుకుందాం. మొదటి గుర్తుకు 0.01 కింద, చివరి గుర్తుకు 0.01 పైన పోయే ఎక్కువ వాలు గీత ఒకటి, దానికి విరుద్ధంగా పోయే తక్కువ వాలు గీత ఒకటి సన్నగా గీయండి. 50 సెం.మీ. వ్యవధిలో 0.02 తేడా, అంటే వాలులో 0.0004, ఒక శాతం. g లో కూడా ఒక శాతమే. కాబట్టి రాయవలసింది g = 9.8 ± 0.1 మీ./సె.². కాలిక్యులేటర్ ఇచ్చిన 9.7965 లో చివరి మూడు అంకెలకు ఈ పరికరాలతో విలువ లేదు.

పాఠ్యపుస్తకాల్లోని 9.81 కి సరిగ్గా సరిపోవాలన్న ఆరాటం కూడా అనవసరం. ఆ విలువ 45 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల ప్రాంతాలకు సరిపోయేది. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ g తగ్గుతుంది. 1672 లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషే పారిస్ నుంచి లోలక గడియారాన్ని దక్షిణ అమెరికాలోని కయెన్‌కు తీసుకెళితే అది రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. తెలుగు రాష్ట్రాల్లో g 9.78 దగ్గర ఉంటుంది. మన ± 0.1 లో 9.78, 9.81 రెండూ ఇముడుతాయి, ఈ ప్రయోగం వాటిని విడదీయలేదు.

సెకన్ల లోలకం పొడవు కూడా ఇదే గ్రాఫు మీద వస్తుంది. T = 2 సెకన్లు అంటే T² = 4. అక్కడి నుంచి గీత దాకా అడ్డంగా వెళ్లి కిందికి దిగితే l సుమారు 97.7 సెం.మీ. దీనికి మాత్రం c కలపాలి, ఎందుకంటే ఇక్కడ వాలు కాదు, ఒక బిందువును చదువుతున్నాం. 97.7 + 1.46 = 99.2 సెం.మీ. g 9.78 అయినప్పుడు లెక్క ప్రకారం రావలసింది 99.1.